డ్రమ్ము మీద ఎంత కేబుల్ మిగిలిందో ఫొటో చూసి లెక్క కట్టొచ్చా?

గోదాము గుమాస్తా
నమస్కారమండీ. మా లెక్కలో ఉన్న ఒక కేబుల్ డ్రమ్ము సైట్లో పడి ఉంది. సగం వాడేశారు. ఇప్పుడు అందులోంచి 260 మీటర్లు మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్కగా లాగాలట. చాలుతుందా, కొత్తది తెప్పించాలా అని నన్ను అడుగుతున్నారు. నేనేమో ఆఫీసులో ఉన్నాను. అక్కడి కుర్రాడు డ్రమ్ముకు ఎదురుగా నిలబడి ఫోన్లో ఒక ఫొటో తీసి పంపాడు.

డ్రమ్ము ఫ్లాంజి వ్యాసం 1200 మి.మీ. అని చెక్క మీదే రాసి ఉంది. ఫొటోలో ఫ్లాంజి ఎత్తు 1500 పిక్సెళ్లు, కాబట్టి ఒక పిక్సెల్ అంటే 0.8 మి.మీ. కేబుల్ చుట్ట బయటి వ్యాసం 1145 పిక్సెళ్లు, అంటే 916 మి.మీ. లోపలి బ్యారెల్ 600 ఉంటుందని కుర్రాడు అంటున్నాడు. రెండు ఫ్లాంజిల మధ్య ఖాళీ 700.

కేబుల్ మందం దగ్గరే చిక్కొచ్చింది. ఫొటోలో ముందు వైపు మధ్యలో కొలిస్తే 33 మి.మీ. వస్తోంది. స్టోర్స్ లిస్టులో 28 అని ఉంది. ఏది నమ్మాలి? నమ్మాక లెక్క ఎలా వేయాలి?

చకచకా
చాలా తేలికండీ. టేపు చుట్ట పొడవు కట్టే లెక్కే ఇది. బయటి వ్యాసం వర్గంలోంచి లోపలి వ్యాసం వర్గం తీసేసి, పై తో గుణించి, నాలుగింతల మందంతో భాగించాలి.

```
L = π × (D² − B²) / (4 × d)
```

28 మందం వేస్తే 13.44 మీటర్లు వచ్చింది. మీ పని కాదు. కొత్త డ్రమ్ము తెప్పించండి.

సైటు సుబ్బులు
పదమూడు మీటర్లా? ఆ డ్రమ్ము మీద పై వరస ఒక్కటే అంతకంటే ఎక్కువ ఉంటుంది కదండీ. ఒక్క చుట్టుకే దాదాపు మూడు మీటర్లు పడుతుంది.

చకచకా
సూత్రం సరైనదేనండీ. కావాలంటే ఏదైనా ప్లాస్టర్ టేపు చుట్ట మీద వేసి చూడండి, అచ్చంగా కుదురుతుంది.

పాత వెర్నియర్
చకచకా గారి సూత్రం టేపుకి నూటికి నూరు పాళ్లూ సరైనదే. టేపు ఒకదాని మీద ఒకటి ఒకే నిలువులో ఎక్కుతుంది, పక్కకి జరగదు. డ్రమ్ము మీద కేబుల్ ఈ ఫ్లాంజి నుంచి ఆ ఫ్లాంజి దాకా పక్కపక్కనే చుట్టుకుంటూ పోయి, అప్పుడు పై పొరకి ఎక్కుతుంది. కాబట్టి ఆ 13.44 మీటర్లు ఒక్క చుట్టు వెడల్పున్న నిలువుకే వచ్చాయి. పక్కపక్కన ఎన్ని చుట్లున్నాయో అన్నింతలు చేయాలి. అంటే వెడల్పు లేకుండా, లేదా చుట్ల సంఖ్య లేకుండా, ఈ ప్రశ్నకు జవాబే లేదు. గుమాస్తా గారు 700 ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

గుమాస్తా గారూ, 33ని పక్కన పెట్టి ఒక్క పని చేయండి. ఫొటోని పెద్దది చేసి, ఒక నిండు వరసలో పక్కపక్కన ఎన్ని చుట్లున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి.

గోదాము గుమాస్తా
లెక్కపెట్టానండీ. పై పొర సగం కూడా లేదు, ఎడమ వైపు 9 చుట్లే ఉన్నాయి. దాని కింది పొర కుడి వైపు బయటికి కనిపిస్తోంది. అక్కడి 15, ఈ తొమ్మిది కింద ఉండేవి కలిపితే వరసకి 24. ఫ్లాంజి పక్కన కాస్త సందు ఉంది.

పాత వెర్నియర్
బాగుంది. 24 చుట్లని 28 చొప్పున వేస్తే 672. ఇక 28 మిగిలింది, అదే మీకు కనిపించే సందు. 33 చొప్పున వేస్తే 792 అవుతుంది, 700 ఖాళీలో అది ఎలా పడుతుంది? కాబట్టి లిస్టులోని 28 నిజం. ఫొటో ఎందుకు అబద్ధం చెప్పిందో పిక్సెల్ పద్మ గారు వచ్చి చెబితే బాగుంటుంది.

పిక్సెల్ పద్మ
పిలిచినందుకు సంతోషం వెర్నియర్ గారూ. ఫొటో అబద్ధం ఆడలేదు, స్కేలు తీసుకున్న చోటు వేరు, కొలిచిన చోటు వేరు. ఫ్లాంజి పై అంచు, కింది అంచు కెమెరాకి ఇరుసు ఎంత దూరంలో ఉందో దాదాపు అంత దూరంలో ఉంటాయి. మీ 0.8 స్కేలు ఆ దూరానికే చెల్లుతుంది. ముందు వైపు మధ్యలో ఉన్న కేబుల్ మాత్రం చుట్ట వ్యాసంలో సగం, అంటే 46 సెం.మీ., కెమెరా వైపుకి జరిగి ఉంది. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. కుర్రాడు ఎంత దూరంలో నిలబడ్డాడు?

గోదాము గుమాస్తా
ఇరుసు నుంచి మూడు మీటర్లు ఉండొచ్చు అంటున్నాడు.

పిక్సెల్ పద్మ
అయితే సరిగ్గా కుదిరింది. 3 మీటర్ల స్కేలుతో 2.54 మీటర్ల దూరంలో ఉన్న వస్తువుని కొలిచారు. 18 శాతం పెద్దగా కనిపించాలి, 28 కాస్తా 33 అవుతుంది. లెక్కలో మందం ఒకసారి వెడల్పు వైపు, ఒకసారి ఎత్తు వైపు, రెండు సార్లు భాగిస్తుంది కాబట్టి ఈ ఒక్క పొరపాటుతో మీ పొడవు నాలుగో వంతుకు పైగా తగ్గిపోయేది.

చుట్ట బయటి వ్యాసానికి ఈ బాధ అంతగా లేదు. దాని పై అంచు, కింది అంచు కూడా ఫ్లాంజి అంచుల్లాగే ఇరుసుకి దగ్గరి దూరంలోనే ఉంటాయి. పూర్తిగా లేదని కాదు. గుండ్రటి వస్తువు పెద్దదయ్యే కొద్దీ దాని అంచు ఇంకాస్త ముందుకి వచ్చి కనిపిస్తుంది, అందువల్ల ఫ్లాంజి మరీ కొంచెం ఉబ్బి, దాంతో పోలిస్తే చుట్ట తక్కువగా తేలుతుంది. మూడు మీటర్ల దూరానికి మీ 916 నిజానికి 924 దాకా ఉండొచ్చు. వీలైతే కుర్రాడిని ఇంకా వెనక్కి వెళ్లి, జూమ్ చేసి, ఫోన్‌ని ఇరుసు ఎత్తులో పట్టుకుని తీయమనండి. ఫొటోలో ఎడమ ఫ్లాంజి, కుడి ఫ్లాంజి ఒకే ఎత్తు వస్తే ఎదురుగా తీసినట్టు. ఒకటి చిన్నదైతే పక్కకి నిలబడ్డాడన్నమాట.

మోటార్ మాస్టారు
నాదీ ఇదే సమస్య. నా దగ్గర మోటారు వైండింగుకి వాడే ఎనామిల్ రాగి తీగ బాబిన్లు ఉన్నాయి, తీగ 0.5 మి.మీ. ఫొటోలో చుట్లు లెక్కపెడదామంటే కళ్లు పోతున్నాయి. బాబిన్ మీద ఎన్ని మీటర్లుందో ఈ పద్ధతిలో ఎలా?

సైటు సుబ్బులు
మాస్టారూ, మీకు ఫొటో ఎందుకండీ, తక్కెడ చాలు. 0.5 మి.మీ. రాగి తీగ మీటరుకి 1.76 గ్రాములు తూగుతుంది. ఖాళీ బాబిన్ బరువు తీసేస్తే కిలోకి 568 మీటర్లు. ఎనామిల్ బరువు వల్ల అసలు పొడవు దీనికి కాస్త తక్కువే ఉంటుంది.

గుమాస్తా గారికి కూడా నాదొక మాట. ఇంత లెక్క ఎందుకు? కేబుల్ పైతొడుగు మీద మీటరు మీటరుకీ అంకె అచ్చు వేసి ఉంటుంది కదా. బయటి కొస మీద అంకె, లోపలి కొస మీద అంకె, రెండింటి తేడా చూసుకుంటే సరి. మేం ఎప్పుడూ అదే చేస్తాం.

గోదాము గుమాస్తా
అడిగానండీ. బయటి కొస మీద అంకె ఉంది. లోపలి కొస ఫ్లాంజి రంధ్రంలోంచి జానెడు బయటికి వచ్చి ఉంది కానీ ఆ ముక్క మీద అంకె పడలేదు, టోపీ వేసి సీలు చేశారు. వచ్చినప్పటి లేబుల్ ఊడిపోయింది.

పాత వెర్నియర్
లోపలి కొస బయటికి వచ్చిన రంధ్రం ఉందన్నారు కదా, అది మనకి చాలా ముఖ్యం. కుర్రాడు చెప్పిన 600 ఎక్కడిది? కేబుల్ ఉండగా బ్యారెల్ కంటికి కనిపించదు. చాలామంది ఫ్లాంజిలో సగం ఉంటుందని ఊహించి చెబుతారు. అది కొన్ని డ్రమ్ములకి నిజం, కొన్నిటికి కాదు.

మొదటి చుట్టు బ్యారెల్‌కి ఆనుకుని మొదలవ్వాలి కాబట్టి ఆ రంధ్రాన్ని సాధారణంగా బ్యారెల్ ఉపరితలానికి ఆనించే తొలుస్తారు. ఫ్లాంజి ముఖానికి ఎదురుగా ఒక ఫొటో తీయించండి. ఇరుసు రంధ్రం మధ్య నుంచి ఆ రంధ్రం లోపలి అంచు దాకా కొలిస్తే అదే బ్యారెల్ వ్యాసార్ధం. ఈసారి అన్నీ ఒకే చెక్క ముఖం మీద ఉన్నవి కాబట్టి పద్మ గారు చెప్పిన దూరం తేడా రాదు. అక్కడ టేపు ఉంటే ఫొటో కూడా అక్కర్లేదు.

గోదాము గుమాస్తా
టేపుతోనే కొలిచాడు. 300 వచ్చింది. అయితే 600 నిజమేనన్నమాట. ఇక చకచకా గారి 13.44ని 24తో గుణిస్తే 322 మీటర్లు. పై పొరలో లేని 15 చుట్లు, ఒక్కోటి 2.79 మీటర్లు, తీసేస్తే 281. 260కి సరిపోతుంది, ఒప్పుకోమంటారా?

చకచకా
చూశారా, సూత్రం నాదే :)

పాత వెర్నియర్
మీదే బాబూ, కాదనలేదు. కానీ గుమాస్తా గారూ, ఒక్క క్షణం ఆగండి. చుట్ట మందం ఒక వైపు ఎంత? 916లో 600 తీసేసి సగం చేస్తే 158. దాన్ని 28తో భాగిస్తే 5.64 పొరలు. పొర అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, 0.64 పొర ఎక్కడా ఉండదు. అది అయిదైనా కావాలి, ఆరైనా కావాలి.

అయిదే అయితే చుట్టడం వదులుగా జరిగి మధ్యలో గాలి ఉందని. అప్పుడు నిండు పొరలు నాలుగు, మీద తొమ్మిది చుట్లు, మొత్తం 244 మీటర్లు. మీ పని ఆగిపోతుంది. ఆరైతే పై పొర చుట్లు కింది చుట్ల మధ్య పల్లాల్లోకి కొంచెం దిగాయని. అప్పుడు 300 దాటుతుంది. ఒక్క పొర తేడాకి 57 మీటర్లు. మీ 281 ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో పడింది. అది జరిగి ఉండే అవకాశమే లేని సంఖ్య.

అదృష్టం కొద్దీ మీ పై పొర సగంలో ఆగింది. ఆ ఆగిన చోట మెట్టులా కనిపిస్తుంది కదా. ఎడమ వైపు వ్యాసం ఎంత, కుడి వైపు వ్యాసం ఎంత, విడివిడిగా కొలిచి చెప్పండి.

గోదాము గుమాస్తా
ఎడమ 1145 పిక్సెళ్లు, అది ముందు చెప్పిందే. కుడి 1080. అంటే 916, 864.

పాత వెర్నియర్
తేడాలో సగం 26. ఒక పొర ఎక్కితే ఎత్తు 28 బదులు 26 పెరుగుతోంది, అంటే పల్లాల్లోకి 2 మి.మీ. దిగుతోంది. ఇప్పుడు కింది నుంచి పేర్చి చూడండి. మొదటి పొర నిండుగా 28, మీద ఒక్కో పొర 26 చొప్పున అయిదు. 28, 130 కలిస్తే 158. మీరు కొలిచిన మందం సరిగ్గా అంతే. కాబట్టి ఆరు పొరలు. వదులుగా చుట్టిన అయిదే అయితే మెట్టు 28 కంటే ఎక్కువ, 32 దాకా కనిపించేది.

నిండు పొరలు అయిదు. వాటికి మధ్య పొర మూడోది. దాని కేబుల్ నడిమి వ్యాసం 600కి 28, రెండు 52లు కలిపితే 732. ఆరో పొరది 888. మీటర్లలో:

```
5 × 24 × π × 0.732 = 276
9 × π × 0.888 = 25
```

మొత్తం 301 మీటర్లు.

ఇందులో గమనించాల్సింది ఒకటి ఉంది. పద్మ గారి సవరణ ప్రకారం 916 బదులు 924 వేసినా జవాబు 302 పై చిల్లర, అంతే. చుట్లూ పొరలూ లెక్కపెట్టేశాక వ్యాసం తప్పు పోయినా సగటు చుట్టు పొడవు కొంచెం మారుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అదే సూత్రంలో పెట్టి భాగిస్తూ పోతే 8 మి.మీ. తేడాకే పది మీటర్ల దాకా ఊగుతుంది.

తీగరాజు
వెర్నియర్ గారితో ఇక్కడ విభేదిస్తాను. గుండ్రటి వస్తువులు పల్లాల్లో కూర్చుంటే ఒక్కో పొర మందంలో 0.866 వంతే పెరగాలి. 28కి అది 24 పై చిల్లర. మీరు 26 అంటున్నారు. పద్మ గారి లెక్క ప్రకారమే ఆ ఫొటోలో కొన్ని మి.మీ. అనుమానం ఉంది. నిజంగా మెట్టు 24 అయితే ఏడు పొరలు ఎందుకు కాకూడదు?

పాత వెర్నియర్
మంచి ప్రశ్న. 0.866 రావాలంటే పై చుట్టు కింది పల్లం వెంటే చుట్టంతా నడవాలి. ఒక పొర కుడికి జరుగుతూ చుట్టుకుంటే దాని మీది పొర ఎడమకి జరుగుతూ చుట్టుకుంటుంది. కాబట్టి ప్రతి చుట్టులోనూ ఎక్కడో ఒక చోట కింది కేబుల్ మీదికెక్కి దాటక తప్పదు. దాటే చోట ఎత్తు నిండుగా 28, పల్లంలో నడిచే చోట 24. ఫొటోలో మనకు కనిపించే అంచు ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు, మధ్యది కావచ్చు.

ఏడు పొరలకి వస్తే, పూర్తిగా పల్లంలో దిగినా 28, దాని మీద ఆరు 24.25లు కలిపి 173 పైనే అవుతుంది. మనకున్నది 158, సవరించినా 162. ఏడు పట్టదు.

తీగరాజు
ఏడు పట్టదు, ఒప్పుకున్నాను. కానీ అయిదు పూర్తిగా కొట్టేయలేం. డ్రమ్ముని వేరే దగ్గర చుట్టి ఉంటే? చేత్తో తిప్పి చుట్టిన డ్రమ్ముల్లో లోపలి పొరలు అడ్డదిడ్డంగా పడి, పై పొర ఒక్కటి ముచ్చటగా కనిపించడం నేను చూశాను. అలాంటప్పుడు లోపల 24 చుట్లున్నాయో 20 ఉన్నాయో ఫొటోకి తెలియదు.

సైటు సుబ్బులు
అది నిజం. పైపైన చక్కగా ఉన్నా విప్పుతుంటే లోపల కేబుల్ కేబుల్ మీద అడ్డంగా పడి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చుట్టేనా, మధ్యలో ఎవరైనా వేరే డ్రమ్ముకి మార్చారా అని అడగండి. అక్కడ క్రేన్ తక్కెడ ఉంటే తూకం కూడా వేయించండి. చెక్క మీద ఖాళీ డ్రమ్ము బరువు రాసి ఉంటుంది. కాకపోతే వానలో నానిన చెక్క డ్రమ్ము రాసిన దానికంటే ఎక్కువ తూగుతుంది, అప్పుడు లేని కేబుల్ ఉన్నట్టు తేలుతుంది.

మోటార్ మాస్టారు
సుబ్బులు గారూ, కిలోకి 568 అన్నారు, సరే. నా బాబిన్ మీద ఖాళీ బరువు రాసి లేదు. అదే సైజు ఖాళీ బాబిన్ తూస్తే చాలా?

సైటు సుబ్బులు
ఒకే కంపెనీ, ఒకే అచ్చు అయితే చాలు మాస్టారూ.

గోదాము గుమాస్తా
డ్రమ్ము మార్చలేదట, ఫ్యాక్టరీ చుట్టే. క్రేన్ తక్కెడ లేదు. మా ఇష్యూ రిజిస్టర్ తిరగేశాను. వచ్చింది 500, ఇచ్చింది మూడు విడతల్లో కలిపి 190. రిజిస్టర్ ప్రకారం 310 ఉండాలి, వెర్నియర్ గారి లెక్కకి 301. తొమ్మిది మీటర్లు ఎటు పోయాయి?

పిక్సెల్ పద్మ
పై పొరలో 9 చుట్లు అన్నారు. ఒకటి ఫ్లాంజి వెనక నక్కి ఉంటే అక్కడే 2.8 మీటర్లు. ఫ్లాంజి అంచు దగ్గరి చుట్లని కెమెరా తప్పించుకోవడం మామూలే.

తీగరాజు
లేదా కోసిన ప్రతిసారీ కొస పాడైందని ఒకటి రెండు మీటర్లు పారేసి ఉంటారు. అది రిజిస్టర్లోకి ఎక్కదు. లేదా ఆ 190ని కూడా ఎవరో అడుగులేసి కొలిచి ఉంటారు. నా దృష్టిలో ఈ రెండు సంఖ్యల్లో ఏదీ రుజువు కాదు.

పాత వెర్నియర్
రుజువు కాదు, కానీ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని దారుల్లో వచ్చాయి. 244 అయి ఉంటే రిజిస్టర్ 66 మీటర్లు తప్పై ఉండాలి. ఫ్యాక్టరీ చుట్టు అని తేలింది కాబట్టి నేను 300కి అటూ ఇటూ పది వేసుకుంటాను. 260 లాగడానికి, రెండు చివర్లా ప్యానెల్లోకి దించి టెర్మినేషన్ చేసుకోవడానికి చాలినంత ఉంది. ఆ చివరి ముక్కలు ఆ 260లో కలిపే చెప్పారా, విడిగానా అన్నది అడిగి తెలుసుకోండి.

లాగడం మొదలుపెట్టాక ఆరో పొర అయిపోయే చోట కేబుల్ మీద మీటరు అంకె రాసుకోమనండి. అయిదో పొర అయిపోయే చోట మళ్లీ. రెండింటి మధ్య 24 చుట్లకి 63 మీటర్లు రావాలి. బాగా తక్కువ వస్తే అక్కడే ఆపి మళ్లీ లెక్క వేసుకోవచ్చు, అప్పటికి వంద మీటర్లు కూడా లాగి ఉండరు.

గోదాము గుమాస్తా
విడిగానేనట, రెండు వైపులా కలిపి 12 మీటర్లు. అంటే 272 కావాలి. లాగమని చెప్పేశాను. అంకెలు రాయమన్నాను, రాస్తే ఇక్కడ పెడతాను.

చకచకా
పెట్టండి. 63 వస్తుందో లేదో నాకూ చూడాలని ఉంది.